ట్రాక్టర్‌కు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, ట్రక్కుకు?

ప్రశ్న: అయ్యా, నాకు 45 హెచ్‌పీ ట్రాక్టర్, దాని వెనక తగిలించే ట్రక్కు ఉన్నాయి. రెండూ కొని మూడో ఏడు నడుస్తోంది. షోరూం వాళ్ళే ఏటా ఫుల్ ఇన్సూరెన్స్ కట్టిస్తున్నారు. పోయిన నెల మిరపకాయలు కోయించి తిరిగొస్తుంటే పర్చూరు రోడ్డు మలుపులో ట్రక్కు ఒరిగి, ట్రాక్టర్‌ను కూడా పక్క కాలువలోకి లాక్కుపోయింది. ట్రక్కులో కాయలు నింపిన టిక్కీల మీద ఆరుగురు కూలీలు కూర్చుని ఉన్నారు. ఇద్దరికి కాళ్ళు విరిగాయి. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి, ట్రక్కు పాలసీలోనే లేదన్నాడు, కూలీల్ని ఎందుకు ఎక్కించారని అడిగాడు. వాళ్ళు రోడ్డు పక్కన నడుస్తుంటే తగిలిందని రాయించమని ఊళ్ళో కొందరు సలహా ఇస్తున్నారు. ఇప్పుడు నాకేమైనా వస్తుందా? ఎండాకాలంలో ఇటుక బట్టీకి కిరాయికి తోలుతుంటాను. దానికి వేరే పాలసీ తీసుకోవాలా?
— ఒక మిరప రైతు, ప్రత్తిపాడు మండలం

జవాబు: ముందు ఆ నడుస్తున్నారన్న మాట వదిలేయండి. కాళ్ళు విరిగినవాళ్ళని ఆ రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు డ్యూటీ డాక్టరు "ఎలా జరిగింది" అని అడిగి మెడికో లీగల్ రిజిస్టర్లో రాసుకుని ఉంటాడు. నొప్పితో ఉన్న మనిషి అప్పుడు కట్టుకథ చెప్పడు, ట్రక్కులోంచి పడ్డామనే చెబుతాడు. కంపెనీ పంపే ఇన్వెస్టిగేటర్ మొట్టమొదట అడిగేది ఆ కాగితమే. ఇరవై ఏళ్ళు సర్వేయర్‌గా తిరిగినవాణ్ణి, నేనూ అదే అడిగేవాణ్ణి. మీరు సంతకం పెట్టిన క్లెయిం ఫారంలో ఒకటి, ఆసుపత్రి కాగితంలో ఇంకొకటి ఉంటే, తప్పుడు సమాచారం ఇచ్చారన్న ఒక్క షరతు కింద ట్రాక్టర్‌కు న్యాయంగా రావాల్సిన డబ్బు కూడా పోతుంది. పైగా అది క్రిమినల్ కేసుకు దారి.

ఇక "ఫుల్ ఇన్సూరెన్స్" సంగతి. షోరూంలో ఆ మాటకు అర్థం ప్యాకేజీ పాలసీ అని. ఎదుటివాళ్ళకు జరిగే నష్టంతో పాటు మీ బండికి జరిగే నష్టం కూడా అందులో ఉంటుంది. అయితే అది పాలసీలో నంబరు రాసి ఉన్న బండికే. మనం ట్రక్కు అనేదాన్ని కాగితాల్లో ట్రైలర్ అంటారు. మోటారు వాహనాల చట్టం దాన్ని ట్రాక్టర్‌కు తగిలించిన సామానుగా చూడదు, ఇంకొక వాహనంగా చూస్తుంది. అందుకే దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. పాలసీలో కూడా దానికి వేరే వరుస, వేరే విలువ, వేరే థర్డ్ పార్టీ ప్రీమియం ఉండాలి.

ఇది తప్పిపోయే తీరు మన జిల్లాల్లో దాదాపు ఒకేలా ఉంటుంది. ట్రాక్టర్ షోరూం నుంచి వస్తుంది, బ్యాంకు అప్పు ఉంటుంది కాబట్టి దానికి పాలసీ లేకుండా బయటికి రాదు. ట్రక్కు మాత్రం విజయవాడ ఆటోనగర్లోనో గుంటూరు షెడ్డులోనో తర్వాత చేయించుకుంటాం. ట్రక్కు రాకముందు కట్టిన పాలసీని ఏటా అలాగే రెన్యువల్ చేసుకుంటూ పోతారు. ట్రక్కు వచ్చిందని ఎవరూ చెప్పరు, వాళ్ళూ అడగరు. మీ పాలసీ మొదటి పేజీలో వాహన వివరాల గడి ఒకసారి చూడండి. ట్రైలర్ అన్నచోట నంబరు లేకుండా గీతో సున్నానో ఉంటే మీ సర్వేయర్ చెప్పింది నిజమే.

అలా ఉంటే ట్రక్కుకు అయిన రిపేరు మీ జేబులోంచే. అందులో వాదించడానికేం లేదు. ట్రాక్టర్ సంగతి వేరు. మీరు అంకెలు రాయలేదు కాబట్టి ఒక లెక్క వేసి చూపిస్తాను, మీ బిల్లును దాని పక్కన పెట్టి చూసుకోండి.

ట్రాక్టర్ రిపేరు బిల్లు 64,000 అనుకుందాం. అందులో ఇనుప భాగాలు 36,000, లేబరు 10,000, మిగిలిన 18,000 ఒక టైరు, హెడ్‌లైట్లు, మడ్‌గార్డు, రంగు. వాణిజ్య తరగతి పాలసీల్లో ఈ చివరి రకం వస్తువులకు మామూలుగా కవరు ఉండదు. అదనంగా కొంత ప్రీమియం కట్టి ఐఎంటీ 23 అనే ఎండార్స్‌మెంటు వేయించుకున్నవాళ్ళకే అవి వస్తాయి. సొంత పొలానికే వాడే ట్రాక్టర్ కూడా ఇన్సూరెన్స్ లెక్కలో వాణిజ్య వాహనాల్లోని ఇతరాలు అనే తరగతిలోకే వస్తుంది, అక్కడే చాలామంది తడబడతారు. మీకు ఆ ఎండార్స్‌మెంటు లేదనుకుంటే 18,000 పక్కకు పోతుంది. ఇనుప భాగాల మీద బండి వయసును బట్టి తరుగు తీస్తారు. రెండేళ్ళు దాటి మూడేళ్ళ లోపు బండికి 15 శాతం. 36,000లో 5,400 పోగా 30,600. లేబరు 10,000 పూర్తిగా కలుపుతారు. మొత్తం 40,600. ఇందులోంచి తప్పనిసరిగా మీరు భరించాల్సిన మొత్తం తీసేస్తారు. అది మీ పాలసీలోనే రాసి ఉంటుంది, 2,000 అనుకుంటే చేతికి వచ్చేది 38,600.

"కూలీల్ని ఎక్కించారు కాబట్టి ఇదీ ఇవ్వం" అని కంపెనీ అంటే ఒప్పుకోకండి. సరుకు బండిలో పరిమితికి మించి మనుషుల్ని ఎక్కించారన్న కారణంతో సొంత బండి నష్టాన్ని ఎగ్గొట్టిన కేసులో 1996లోనే సుప్రీంకోర్టు యజమాని వైపు తీర్పు ఇచ్చింది. ప్రమాదానికి ఆ మనుషులు కారణం కానప్పుడు క్లెయిం మొత్తాన్ని కొట్టేయడం తగదంది. వాడకం షరతు నిజంగా తప్పినా, పూర్తిగా కాదనకుండా ఒప్పుకోదగ్గ మొత్తంలో 75 శాతం దాకా ఇచ్చే పద్ధతిని 2010లో ఇంకో తీర్పులో సమర్థించింది. దీన్ని కంపెనీల వాళ్ళు నాన్ స్టాండర్డ్ సెటిల్‌మెంటు అంటారు. పై లెక్కలో అది 28,950. కాబట్టి మీ బేరం 38,600కీ 28,950కీ మధ్య ఉండాలి తప్ప సున్నా దగ్గర కాదు. అయితే ఒకటి ఉంది. టిక్కీలు ఎత్తుగా పేర్చి, వాటి మీద ఆరుగురు కూర్చోవడం వల్లే బరువు పైకి చేరి మలుపులో ట్రక్కు ఒరిగిందని సర్వేయర్ రాస్తే, "మనుషులు కారణం కాదు" అన్న వాదన బలహీనపడుతుంది. ఆ రోజు ఎన్ని టిక్కీలు వేశారు, ఎంత ఎత్తు పేర్చారు, తాడు కట్టారా అన్నది ఉన్నదున్నట్టు గుర్తు చేసుకుని రాసి పెట్టుకోండి.

కూలీల విషయం దీనికంటే బరువైనది. ఇక్కడ మెత్తగా చెప్పి లాభం లేదు.

ట్రాక్టర్ మీద డ్రైవరు తప్ప ఇంకొకరు కూర్చోకూడదని రోడ్డు నియమాలు చెబుతున్నాయి. ఆర్‌సీలో చూడండి, సీట్ల సంఖ్య ఒకటే ఉంటుంది. వ్యవసాయ ట్రక్కు పంట, ఎరువు, విత్తనం మోయడానికి, మనుషుల్ని మోయడానికి కాదు. థర్డ్ పార్టీ కవరు రోడ్డు మీద పోయేవాడికి, ఎదురొచ్చిన బైకు మనిషికి పూర్తిగా వర్తిస్తుంది. ట్రక్కులో ఎక్కినవాడు ఆ లెక్కలోకి రాడు. కూరగాయల వ్యాపారి ఒకరు ట్రాక్టర్ ట్రైలర్లో వెళ్తూ చనిపోయిన కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ట్రాక్టర్ వ్యవసాయానికి ఉద్దేశించినదైతే దానికి తగిలించిన ట్రైలరూ, వేరేగా రిజిస్టర్ అయితే తప్ప, వ్యవసాయానికే అని, అందులో ఎక్కినవారి పరిహారం కంపెనీ బాధ్యత కాదని తేల్చింది. కొన్ని కేసుల్లో ముందు కంపెనీని కట్టమని, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పాయి. గాయపడినవాళ్ళకు అది మేలే, కానీ మీకు ఒరిగేదేం లేదు. చివరికి ఆ అప్పు మీ పొలం మీదికే వస్తుంది.

"లోడింగ్ కూలీల కవరు అని ఒకటుందట కదా" అని ఎవరైనా అడగొచ్చు. ఉంది. బండి నడపడానికి, సరుకు ఎక్కించి దించడానికి పెట్టుకున్న మనుషులకు తలకింత అని కట్టించుకుని కవరు ఇస్తారు. మిరప చేలో కాయలు కోసి ఇంటికి తిరిగొచ్చే ఆడవాళ్ళు ఆ మాటలోకి రారు. టిక్కీలు ఎత్తడానికి వచ్చిన హమాలీలు వస్తారు. మీ ఆరుగురిలో ఎవరు ఏ పనికి వచ్చారో అందుకే ముఖ్యం. మీ పాలసీలో ఆ కవరు పడి ఉంటే, విరిగిన కాళ్ళు హమాలీలవైతే, అడిగి చూడటానికి దారి ఉంటుంది.

గాయపడ్డవాళ్ళు మీ దగ్గర కూలికి వచ్చినవాళ్ళే కాబట్టి కార్మిక శాఖ ద్వారా ఉద్యోగుల పరిహారం అడగొచ్చు, లేదా గుంటూరు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్ళొచ్చు. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. వైద్యం ఖర్చు మీరు పెడుతున్నట్టయితే ప్రతి రూపాయికీ బిల్లు, రసీదు ఉంచుకోండి. నోటిమాటగా ఇచ్చిన డబ్బును రెండేళ్ళ తర్వాత ట్రిబ్యునల్ ముందు ఎవరూ ఒప్పుకోరు.

మీరు అడగకపోయినా పొలం లోపల జరిగేవాటి గురించి కొంచెం చెప్పాలి. రోడ్డు మీద ఉన్న రక్షణ, గట్టు దిగి చేలోకి వెళ్ళాక కూడా అంతా అలాగే ఉంటుందని అనుకోవద్దు. మీ బండికి జరిగే నష్టం వరకైతే చేనూ రోడ్డూ ఒకటే. కాలువ గట్టు తెగి బోల్తా పడినా, గడ్డివాము అంటుకుని కాలినా, రాత్రి చేలో ఉంచితే దొంగలెత్తుకుపోయినా ప్యాకేజీ పాలసీ కింద అడగొచ్చు. దమ్ములో బురద పట్టి గేరుబాక్సు బిగుసుకుపోతే రాదు, అది యంత్రం చెడిపోవడం, ప్రమాదం కాదు. రోటవేటర్ బ్లేడ్లు రాయి తగిలి విరిగితే రావు, పాలసీలో రోటవేటర్ వివరమే ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు విజయవాడ చుట్టుపక్కల నీళ్ళలో మునిగిన ఇంజన్ల సంగతి చాలామందికి గుర్తుంటుంది. మునగడం వల్ల వచ్చిన నష్టం కవరులో ఉంది. నీళ్ళు తీశాక మెకానిక్ రాకముందే కీ తిప్పి స్టార్ట్ చేస్తే లోపల వంగిపోయే కనెక్టింగ్ రాడ్డు మాత్రం తర్వాత మీరు చేసిన పని వల్ల వచ్చిన నష్టమంటారు. బండిని అలాగే ఉంచి, ఫొటో తీసి, ఫోను చేయాలి.

చేలో మనుషులకు దెబ్బ తగిలితేనే చిక్కు. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ కవరు బహిరంగ స్థలంలో జరిగే ప్రమాదానికి. డొంక దారి, జనం తిరిగే కళ్ళం బహిరంగ స్థలమేనని వాదించడానికి వీలుంది, కోర్టులు ఆ మాటకు విశాలంగానే అర్థం చెబుతూ వచ్చాయి. కంచె వేసిన సొంత చేను మధ్యలో అంటే కంపెనీ అడ్డం తిరుగుతుంది. జీతానికి డ్రైవరు ఉంటే అతని పేరున బాధ్యత కవరు వేయించారో లేదో చూసుకోండి.

దమ్ము చేస్తూ ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడటం మన డెల్టాలో తెలియనిది కాదు. అప్పుడు దిక్కయ్యేది బండి నడిపే యజమానికి కంపెనీ ఇచ్చే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవరు. అది ఆర్‌సీలో పేరున్న యజమానికే, ఆయన స్వయంగా నడుపుతుండగా, ఆయనకు చెల్లే లైసెన్సు ఉంటేనే. నాన్న పేరున ట్రాక్టర్, నడిపేది కొడుకు అన్న ఇళ్ళు ఎన్నో. ఆ ఇంట్లో కొడుకుకు ఏమైనా జరిగితే ఈ కవరు కింద ఒక్క రూపాయి రాదు. ఆర్‌సీ మార్పించుకోవడమో, కొడుక్కి వేరే ప్రమాద బీమా తీసుకోవడమో చేయాలి.

లైసెన్సు మాట వచ్చింది కాబట్టి: ఎల్‌ఎంవీ లైసెన్సుతో ట్రాక్టర్ నడిపారని క్లెయిం ఆపితే భయపడకండి. ఖాళీ బరువు 7,500 కిలోలు మించని ట్రాక్టర్ చట్టం ప్రకారం తేలిక వాహనమే. ట్రాక్టర్ లైసెన్సు ఉన్నవాడు ట్రైలర్ తగిలించినంత మాత్రాన ఆ లైసెన్సు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది.

ఇటుకల సంగతికి వస్తాను. మీ పాలసీలో వాడకం పరిమితులు అని ఒక పేరా ఉంటుంది. అందులో వ్యవసాయ, అటవీ పనులకు మాత్రమే అని ఉంటే, మీ మిరపకాయలు యార్డుకో కోల్డ్ స్టోరేజీకో తోలుకోవడం, కొట్టు నుంచి ఎరువు తెచ్చుకోవడం అందులో పడతాయి. బట్టీ యజమానికి కిరాయికి ఇటుకలు తోలడం పడదు. బట్టీ మట్టి పనిలో ఉన్న ట్రాక్టర్ కింద పని మనిషికి దెబ్బ తగిలిన కేసు 2007లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అది వ్యవసాయం కాదని, కంపెనీకి బాధ్యత లేదని కోర్టు అంది. బీద కూలీ కాబట్టి ముందు కంపెనీని చెల్లించమని, యజమాని దగ్గర రాబట్టుకోమని చెప్పింది.

అయితే ట్రక్కులో ఇసుక కనిపించగానే కిరాయి అనేయడం కుదరదు. పొలం పక్కన నీటి తొట్టి కట్టుకోవడానికి ఇసుక తోలుతున్న ట్రాక్టర్ కేసులో 2014లో అదే కోర్టు, ఇసుక ఉన్నంత మాత్రాన వ్యాపారం కాదని, షరతు తప్పారని కంపెనీయే రుజువు చేయాలని చెప్పింది. అంటే తేడా ట్రక్కులో ఉన్న సరుకులో లేదు, అది ఎవరిది, ఎందుకు పోతోంది, డబ్బు చేతులు మారిందా అన్నదాంట్లో ఉంది. సర్వేయర్ అడిగే ప్రశ్న కూడా అదే: "ఆ రోజు బండి ఏ పని మీద వెళ్ళింది?" మీ ప్రమాదానికి ఈ ప్రశ్నకు మంచి జవాబే ఉంది. మీ చేను, మీ కాయ. పట్టాదారు పాసు పుస్తకం, అడంగల్ నకలు, కౌలు చేనైతే కౌలు కాగితం క్లెయిం ఫైలుకు జత చేయండి. అడగలేదు కదా అని ఊరుకోవద్దు. ఎండాకాలంలో ఇటుకలు తోలుతారన్నది ఆ రోజు ప్రమాదానికి సంబంధం లేని విషయం.

పక్కవాడి చేలో డబ్బుకు దుక్కి దున్నడం మధ్యస్తంగా ఉంటుంది. పని వ్యవసాయమే, కానీ కిరాయి. ఆ పేరాలో కిరాయికి వాడకూడదు అన్న మాట విడిగా ఉందో లేదో చదవండి. ఉంటే, రాయించి తీయించుకోవడమో అదనపు ప్రీమియం కట్టడమో చేయండి. ఏజెంటు ఫోనులో "ఏం కాదులెండి" అన్నదానికి క్లెయిం రోజున విలువ లేదు.

ఇటుకల పని మానలేను అంటే మాత్రం పాలసీ ఒక్కటే మార్చి లాభం లేదు. ముందు రవాణా శాఖలో ట్రాక్టర్, ట్రైలర్ రెండూ సరుకు రవాణాకు నమోదు కావాలి. దాంతో పన్ను, ఫిట్‌నెస్, పర్మిటు వస్తాయి. ఆ ఆర్‌సీ మీద సరుకు రవాణా పాలసీ తీసుకోవాలి. ఆర్‌సీలో వ్యవసాయం, పాలసీలో రవాణా అని ఉంటే అది ఎటూ కాని కాగితం. రెండు మూడు నెలల కిరాయి మీద ఇంత ఖర్చు గిట్టదని మీకే అనిపించవచ్చు. నా లెక్కలో చాలామందికి గిట్టదు. అలాంటప్పుడు బట్టీ వాళ్ళ బండ్లనే తోలనివ్వడం మేలు.

ఈ వారంలో మీరు చేయాల్సింది: జరిగింది జరిగినట్టు రాసి, ట్రాక్టర్ ఒక్కదానికే క్లెయిం అడుగుతున్నానని స్పష్టంగా ఇవ్వండి. ట్రక్కు బిల్లును ట్రాక్టర్ బిల్లుతో కలిపి రాయించమని మెకానిక్ సలహా ఇస్తే వద్దనండి, కొక్కెం దగ్గర వెల్డింగ్ చూడగానే సర్వేయర్‌కు అర్థమవుతుంది. కంపెనీ కాదంటే ఆ మాట కాగితం మీద కారణంతో సహా అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల దాటినా జవాబు రాకపోతే, వచ్చినా నచ్చకపోతే, హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయం మన రాష్ట్రానికి కూడా పనిచేస్తుంది, ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. కాకపోతే ఆయన దగ్గరికి వెళ్ళేది ట్రాక్టర్ రిపేరు గొడవే. కూలీల పరిహారం ట్రిబ్యునల్‌లోనో కార్మిక శాఖలోనో తేలాలి.

రిపేరు అయ్యాక ట్రక్కును మళ్ళీ తగిలించే ముందు, రెన్యువల్ దాకా ఆగకుండా, దాని నంబరు, ఛాసిస్ నంబరు రాసి ఇచ్చి పాలసీలో చేర్పించండి. మిగిలిన నెలలకే ప్రీమియం లెక్క కడతారు. పక్కింటి ట్రక్కు అడిగి తెచ్చుకునే అలవాటు ఉంటే, మీ పాలసీలో ఉన్నది మీ ట్రక్కు నంబరు ఒక్కటే. వచ్చే కోతకు కూలీల్ని ఆటోలో పంపండి, ఆ కిరాయి టిక్కీల ఖర్చులో రాసుకోండి.